కస్టమర్ మెసేజ్ స్క్రీన్‌షాట్‌కి నమ్మేలా క్యాప్షన్ రాయడం ఎలా?

ప్రశ్న: నేను మంగళగిరి కాటన్ చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతాను. కస్టమర్లు వాట్సాప్‌లో నిజంగానే మంచి మెసేజ్‌లు పెడతారు, కానీ ఆ స్క్రీన్‌షాట్లు పోస్ట్ చేస్తే ఎవరూ పట్టించుకోవట్లేదు. ఒకావిడైతే "ఇవన్నీ మీరే రాసుకుంటారు కదా" అని కామెంట్ పెట్టింది. నిన్న వచ్చిన మెసేజ్ ఇది: "అక్కా చీర ఉతికాను. కలర్ మీ ఫొటోలో ఉన్నట్టే ఉంది. ఫస్ట్ టైమ్ నీళ్లలో రంగు వదిలింది, భయపడ్డాను, రెండోసారి ఏం లేదు. అమ్మకి కూడా ఒకటి కావాలి, నిజాం బోర్డర్‌లోనే." దీనికి నేను రాసుకున్న క్యాప్షన్: "మా కస్టమర్ల సంతోషమే మా విజయం! మరో హ్యాపీ కస్టమర్. నాణ్యతలో రాజీ లేదు. ఇప్పుడే ఆర్డర్ చేయండి." ఇంకా బాగా ఎలా రాయాలి? రంగు వదిలిందన్న లైన్ కట్ చేసేయనా?

జవాబు:

కట్ చేయకండి. ఆ మెసేజ్ మొత్తంలో మీరు రాసుకోలేని లైన్ అదొక్కటే. "కలర్ ఫొటోలో ఉన్నట్టే ఉంది" అని ఏ దుకాణం వాళ్లయినా సొంతంగా రాసుకోగలరు, "రంగు వదిలింది, భయపడ్డాను" అని మాత్రం ఎవరూ తమ చీర గురించి తాము రాసుకోరు. చదివేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ లైన్ కనపడగానే ఇది నిజం మెసేజే అని వాళ్లకి అర్థమైపోతుంది. మీకు ఆ కామెంట్ పెట్టినావిడ మిమ్మల్ని అబద్ధాలకోరు అనుకుని ఉండకపోవచ్చు. పొగడ్త తప్ప ఇంకేమీ లేని స్క్రీన్‌షాట్లు రోజూ ఇరవై ముప్ఫై చూసి విసిగిపోయి ఉంటుంది.

ఇక మీ క్యాప్షన్ సంగతి. అందులో తప్పు మాటలేమీ లేవు, కానీ దాన్ని పచ్చళ్ల పోస్ట్ కింద పెట్టినా సరిపోతుంది, ట్యూషన్ సెంటర్ పోస్ట్ కింద పెట్టినా సరిపోతుంది. మెసేజ్‌లో ఉన్న చీర, నీళ్లు, భయం, అమ్మకి ఇంకో చీర, ఇవేవీ క్యాప్షన్‌లోకి రాలేదు. పైగా కస్టమర్ ఒకసారి మెచ్చుకున్నాక మీరు కింద మళ్లీ మిమ్మల్ని మీరు మెచ్చుకుంటే, ఆవిడ మెప్పు కూడా మీ మాటలాగే వినిపించడం మొదలవుతుంది. నేను చేనేత అమ్మేవాళ్లకి క్యాప్షన్లు రాసి పెట్టేటప్పుడు మొదట చూసేది ఇదే: పొగిడే పని కస్టమర్ చేసేసింది కాబట్టి క్యాప్షన్‌లో ఒక్క పొగడ్త మాట కూడా ఉండకూడదు. స్క్రీన్‌షాట్‌లో లేని సమాచారం ఇవ్వడమే క్యాప్షన్ పని. ఏ చీర, ఏ రంగు, ఎంత, ఎలా ఉతికారు, కొనేముందు ఏం అనుమానపడ్డారు, ఎవరికి ఇది నప్పదు. స్క్రీన్‌షాట్ చూసినవాళ్లకి పుట్టే ప్రశ్నలన్నీ ఇవే, ఇందులో మీరు జవాబు చెప్పినవెన్నో అంత నమ్మకం.

అందుకని క్యాప్షన్ మొదలుపెట్టేముందు ఆవిడతో ఇంకో రెండు మాటలు మాట్లాడాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మెసేజ్ రాగానే "థాంక్యూ సో మచ్" అని రెండు దండాలు పెట్టి, స్క్రీన్‌షాట్ తీసి, పోస్ట్ చేసేస్తారు. అలా కాకుండా మామూలుగా మాట్లాడుతున్నట్టే అడగండి: "థాంక్స్ అమ్మా. మొదటిసారి ఎలా ఉతికారు, విడిగానా, వేరే బట్టలతో కలిపా? నీళ్లు బాగా రంగు తిరిగాయా?" తర్వాత ఇంకొకటి: "కొనేముందు మీకు ఏ విషయంలో డౌట్ ఉండేది?" ఈ రెండో ప్రశ్న చాలా విలువైనది, ఎందుకంటే ఆవిడకి వచ్చిన డౌటే రేపు మీ పేజీ చూసే పదిమందికీ వస్తుంది. "మా చీర ఎలా ఉంది, బాగుందా?" అని మాత్రం అడగొద్దు, దానికి మొహమాటంతో అందరూ "సూపర్ అక్కా" అనే అంటారు. "ఈ విషయం కూడా కలిపి మళ్లీ ఒకసారి మంచిగా రాసి పంపండి" అనీ అడగొద్దు. అలా రాయించిన మెసేజ్ తేలిగ్గా దొరికిపోతుంది, ఎలాగో కింద చెబుతాను.

ఆవిడ ఇలా జవాబిచ్చిందనుకుందాం: "విడిగానే అక్కా, చన్నీళ్లలో షాంపూ వేసి. బకెట్ నీళ్లు గులాబీ రంగుకి వచ్చేశాయి. జరీకి ఏం కాలేదు. కొనేముందు కలర్ గురించే డౌట్, ఇదివరకు ఇంకోచోట తీసుకుంటే ఫొటోలో మెరూన్, ఇంటికి వచ్చాక ఇటుక రంగు." చీర మెరూన్ అనే అనుకుందాం. ఇప్పుడు మీ చేతిలో నిజమైన సరుకు ఉంది, క్యాప్షన్ సగం దానంతటదే తయారైపోయింది.

అయితే రంగు వదలడం గురించి మీరు ఏం చెప్పబోతున్నారో ముందు మీకు తెలిసి ఉండాలి. "ఏం పర్లేదు, చేనేత అంటే అంతే" అని తేల్చేస్తే అనుభవమున్న ఆడవాళ్లు నమ్మరు, నమ్మకూడదు కూడా. దారానికి రంగు వేసినప్పుడు కొంత రంగు దారం లోపల పట్టుకుంటుంది, కొంత పట్టుకోకుండా పైపైన ఉండిపోతుంది. రంగు వేశాక వేడి సబ్బు నీళ్లలో బాగా ఉతికి ఆ పైరంగు తీసేయాలి. అది పూర్తిగా పోకపోతే, మెరూన్, ముదురు నీలం, నలుపు లాంటి రంగుల్లో మొదటి ఒకటి రెండు ఉతుకుల్లో నీళ్లలోకి వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. ఇది చీర పాడవడం కాదు. కానీ ఉతికిన ప్రతిసారీ నీళ్లు అంతే రంగు తిరుగుతూ, చీర వెలిసిపోతూ ఉంటే అసలు రంగే దారానికి సరిగ్గా పట్టలేదని అర్థం, అది నిజంగా లోపమే. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు: తెల్ల గుడ్డ తడిపి కొంగు లోపలివైపు ఒక మూల గట్టిగా రుద్దండి. రెండు ఉతుకుల తర్వాత గుడ్డకి రంగు దాదాపు అంటకపోతే అది పైరంగే, మూడు నాలుగు ఉతుకులైనా బాగా అంటుతుంటే మీ సరుకులో సమస్య ఉంది. మీ దగ్గర అదే లాట్‌లో మిగిలిన చీరతో ఈ పరీక్ష చేశాకే పోస్ట్ పెట్టండి. ఎందుకంటే ఆ క్యాప్షన్‌లో మీరొక మాట ఇవ్వబోతున్నారు.

ఇప్పుడు క్యాప్షన్. నేనైతే ఇలా రాస్తాను:

"ఫస్ట్ టైమ్ నీళ్లలో రంగు వదిలింది, భయపడ్డాను" అని రాశారీవిడ. రెండో ఉతుక్కి ఏమీ వదల్లేదట.

తీసుకున్నది మెరూన్ మంగళగిరి కాటన్, నిజాం బోర్డర్. ఇదివరకు ఒకచోట మెరూన్ అని తీసుకుంటే ఇటుక రంగు వచ్చిందట, అందుకని పంపేముందు ఎండలో ఒకటి, ట్యూబ్‌లైట్ కింద ఒకటి ఫొటో అడిగి తీసుకున్నారు. విడిగా, చన్నీళ్లలో షాంపూతో ఉతికారు. బకెట్ నీళ్లు గులాబీ రంగుకి వచ్చాయి.

ముదురు రంగు కాటన్లలో మొదటి ఒకటి రెండు ఉతుకులకి ఇలా అవుతుంది, తెల్ల బట్టలతో అస్సలు కలపకండి. మూడో ఉతుకులో కూడా నీళ్లు రంగు తిరిగితే ఆ బకెట్ ఫొటో పంపండి, చీర వెనక్కి తీసుకుంటాను. మెషీన్‌లో అన్నిటితో కలిపి వేసే అలవాటుంటే ఈ రంగు వద్దు, లేత రంగులు చూడండి.

ధర 1,650, కొరియర్ వేరే. ఈ మెరూన్‌లో 4 ఉన్నాయి. మెసేజ్ ఆవిడ్ని అడిగే పెట్టాను.

ధర, సంఖ్య మీవి మీరు వేసుకోండి. ఎండలో, ట్యూబ్‌లైట్ కింద ఫొటోలు అడిగారన్నది నిజంగా జరిగి ఉంటేనే ఉంచండి, జరగకపోతే తీసేయండి. క్యాప్షన్‌లో మీరు కల్పించిన చిన్న వివరం ఒక్కటి బయటపడినా మిగతా నిజాలన్నీ దానితోపాటే కొట్టుకుపోతాయి, పైగా ఆ మెసేజ్ రాసిన మనిషి మీ పోస్ట్ చూస్తుందని మర్చిపోకండి.

ఎందుకు ఇలా రాశానో చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొదట రెండు లైన్ల దాకానే కనిపిస్తుంది, మిగతాది more నొక్కితేనే తెరుచుకుంటుంది. తెలుగు అక్షరాలు స్థలం ఎక్కువ తీసుకుంటాయి కాబట్టి ఆ రెండు లైన్లలో పట్టేది ఒకటి రెండు వాక్యాలే. అందులో "మా కస్టమర్ల సంతోషమే" అని రాస్తే more నొక్కే అవసరం ఎవరికీ ఉండదు. భయపడిన లైన్ ముందు పెడితే, తర్వాత ఏమైందో చూద్దామని నొక్కుతారు. కానీ భయం దగ్గరే ఆపేసి ఊరించొద్దు, "రెండో ఉతుక్కి ఏమీ వదల్లేదట" అన్నది కూడా ఆ రెండు లైన్లలోనే పడేలా చూసుకోండి. సగం చదివి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, వాళ్ల బుర్రలో "వీళ్ల చీరలు రంగు వదులుతాయి" అన్న ముక్క ఒక్కటే మిగలకూడదు కదా. ఫోన్‌లో డ్రాఫ్ట్‌గా పెట్టి చూస్తే ఎక్కడ తెగుతుందో తెలిసిపోతుంది.

"వదల్లేదట", "వచ్చిందట" అని రాయడం గమనించండి. అవి ఆవిడ చెప్పిన సంగతులు, మీరు చూసినవి కావు. "ముదురు రంగుల్లో ఇలా అవుతుంది" అన్నది మీ అనుభవం, అందుకే అక్కడ 'అట' లేదు. ఈ గీత చెరిగిపోనివ్వకండి. కస్టమర్ అన్న మాటని మీరు పెంచి రాయడం, స్టేజ్ చేసినట్టు అనిపించడానికి అతిపెద్ద కారణం. ఆవిడ "రెండోసారి ఏం లేదు" అంటే మీరు కింద "ఎన్నిసార్లు ఉతికినా చెక్కుచెదరని రంగు" అని రాశారనుకోండి, స్క్రీన్‌షాట్, క్యాప్షన్ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఎవరైనా పోల్చి చూసుకోగలరు. ఆవిడ ఉతికింది రెండుసార్లు. మీకు ఋజువు రెండుసార్లకే ఉంది, అంతవరకే చెప్పండి.

"మెషీన్‌లో కలిపి వేసే అలవాటుంటే ఈ రంగు వద్దు" అన్న లైన్ చూసి మీకు గుండె కాస్త జారి ఉంటుంది. అలా రాస్తే అమ్మకాలు పోతాయని చాలామంది భయపడతారు. ఆ లైన్ వల్ల పోయేది ఎలాగూ రెండు వారాల తర్వాత "మా ఆయన తెల్ల చొక్కా పాడైంది" అని ఫోన్ చేయబోయే కస్టమర్. మిగిలినవాళ్లకి మాత్రం ఈవిడ ఏదో ఒకటి అంటగట్టే మనిషి కాదని తెలుస్తుంది. అయితే ఈ హెచ్చరిక మెసేజ్‌లోంచే పుట్టాలి. నిజాయితీగా కనిపించాలని వెతికి వెతికి ఏదో ఒక లోపం తగిలించడం కూడా నాటకమే, అదీ తెలిసిపోతుంది. "మా చీరలకి ఒకే ఒక్క లోపం, కట్టుకుంటే విప్పబుద్ధి కాదు" లాంటివి రాయొద్దు.

వెనక్కి తీసుకుంటానన్న మాట కూడా మీరు నిలబెట్టుకోగలిగితేనే ఉంచండి. లేదంటే "రంగు వదిలితే మెసేజ్ చేయండి, ఏం చేయాలో చెబుతాను" అని రాసినా సరిపోతుంది. ధర తప్పకుండా రాయండి. ఇలాంటి పోస్ట్ కింద ఎవరైనా "ప్రైస్?" అని అడిగితే "ఇన్‌బాక్స్ చేశాం" అనడం మన పేజీల్లో మామూలైపోయింది కానీ, రంగు వదిలిన సంగతే బయటపెట్టిన మనిషి ధర మాత్రం దాస్తే పొసగదు.

ఇప్పుడు స్క్రీన్‌షాట్ సంగతికి వద్దాం, ఎందుకంటే క్యాప్షన్ ఎంత బాగున్నా పైన బొమ్మ అనుమానంగా ఉంటే లాభం లేదు. ఆవిడ బబుల్ ఒక్కటే కత్తిరించి, పూల బోర్డర్ వేసి, మీ లోగో తగిలించి పెట్టకండి. అలా చేస్తే అది చాట్‌లా ఉండదు, డిజైన్ చేసిన కార్డులా ఉంటుంది. వాట్సాప్‌లో మీరు పంపినవి కుడివైపు ఆకుపచ్చలో, ఆవిడ పంపినవి ఎడమవైపు కనిపిస్తాయి కదా, మీ బబుల్ ఒకటైనా కనపడనివ్వండి. ఆవిడ మెసేజ్ పైన మీరు పంపిన పార్సిల్ ఫొటోనో, "మొదటిసారి ఎలా ఉతికారు?" అన్న మీ ప్రశ్నో ఉంటే ఇది నిజంగా ఇద్దరు మాట్లాడుకున్న మాటలని తెలుస్తుంది. ఆవిడ ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా, తప్పులు పడినా అలాగే ఉంచండి. క్యాప్షన్‌లో ఆవిడ మాటని తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు కానీ మాటలు మార్చొద్దు. ఆవిడ "ఫస్ట్ టైమ్" అంటే మీరు కొటేషన్‌లో "తొలి పర్యాయం" అని రాయకూడదు.

రాయించిన మెసేజ్ దొరికిపోతుందన్నాను కదా. వాట్సాప్‌లో మెసేజ్ దిద్దితే టైమ్ పక్కన Edited అని పడుతుంది, ఇంకోచోటి నుంచి పంపితే పైన Forwarded అని పడుతుంది. మీ దగ్గర వీటిలో ఏదో ఒకటి ఉన్న పొగడ్త స్క్రీన్‌షాట్ ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి, అది నిజమే అయినా సరే, చూసేవాళ్లు మిమ్మల్ని సంజాయిషీ అడగరు, అనుమానించి ఊరుకుంటారు. అంతకంటే ముఖ్యంగా, మాటతీరు పట్టిస్తుంది. అక్కా అని పిలిచే మనిషి ఎవరూ వాట్సాప్‌లో మీ పేజీ పూర్తి పేరు రాసి, "వారి సేవలు అత్యద్భుతం" అనరు. నాలుగు వేర్వేరు కస్టమర్ల స్క్రీన్‌షాట్లలోనూ పైన అదే టైమ్, అదే బ్యాటరీ శాతం కనిపిస్తే, అవి మీరు ఒకేసారి కూర్చుని తీసిన నిజం స్క్రీన్‌షాట్లే అయినా, ఒకేచోట తయారుచేసినవేమో అనిపిస్తుంది. ఆ పై పట్టీ కత్తిరించేయండి, మెసేజ్‌ల పక్కనుండే టైమ్ మాత్రం ఉంచండి.

పేరు, నంబరు, డీపీ మూడూ కప్పాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: ఫోన్ ఎడిటర్‌లో హైలైటర్ లాంటి పెన్నుతో గీస్తే పైకి నల్లగానే కనిపిస్తుంది, కానీ అది పూర్తిగా మూసేయదు, ఎవరైనా బ్రైట్‌నెస్ పెంచితే కింద నంబరు బయటపడొచ్చు. నిండు రంగు చతురస్రం పెట్టి కప్పండి, లేదా ఆ పై భాగమే కత్తిరించేయండి. ఇంకోటి, మీరు ఆవిడ నంబరు సేవ్ చేసుకున్న పేరు "గుంటూరు మెరూన్ 2" లాంటిదైతే అది కూడా స్క్రీన్ పైన కనిపిస్తుంది. మెసేజ్‌ల మధ్యలో అడ్రస్, ఆర్డర్ ఐడీ, ఫోన్‌పే రసీదు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి. నంబరు కప్పి, కింద ఇంటి అడ్రస్ వదిలేసిన పోస్ట్‌లు నేను చూశాను.

అనుమతి విడిగా, స్పష్టంగా అడగాలి. "పోస్ట్ చేసుకోవచ్చా?" అంటే చాలామంది సరే అంటారు కానీ ఏం పోస్ట్ చేస్తారో వాళ్లకి తెలియదు. ఇలా పంపండి: "మీ మెసేజ్ మా పేజీలో పెట్టొచ్చా అమ్మా? పేరు, నంబరు, డీపీ కనపడవు. రంగు వదిలిందన్న లైన్ కూడా ఉంచుతాను. పెట్టబోయేది ఇది, చూసి చెప్పండి." అని కప్పేసిన బొమ్మ, క్యాప్షన్ రెండూ పంపండి. ఆవిడ జవాబు దాచుకోండి. ఒకవేళ తర్వాత దాన్నే డబ్బు పెట్టి ప్రకటనగా నడపాలనుకుంటే మళ్లీ అడగండి, పేజీలో ఒక పోస్ట్‌గా ఉండటం వేరు, తెలియని వేలమంది ఫోన్లలో కనపడటం వేరు. ఇంట్లోవాళ్లకి తెలియకుండా చీర కొనుక్కున్నవాళ్లు కూడా ఉంటారని మాత్రం మర్చిపోకండి.

ఆవిడకి మీరు ఏదైనా ఇచ్చారా? రివ్యూ పెడితే వంద తగ్గిస్తాననో, బ్లౌజ్ పీస్ ఉచితమనో చెప్పి ఉంటే ఆ సంగతి క్యాప్షన్‌లో రాయాలి. ఇది మర్యాదకి సంబంధించిందే కాదు, నియమం కూడా. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనలు, ఎండార్స్‌మెంట్ల మీద కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. మెచ్చుకునే మనిషి అభిప్రాయం నిజమైనదై ఉండాలని, మరీ పాతది కాకూడదని, ఆ వస్తువు గురించి తగిన సమాచారమో వాడిన అనుభవమో ఆ మనిషికి ఉండాలని, మెప్పు విలువని ప్రభావితం చేసే సంబంధం ఏదైనా అమ్మేవాళ్లతో ఉంటే అది చెప్పాలని వాటి సారాంశం. మీ వదినో, పిన్ని కూతురో కొని మెచ్చుకుంటే "మా వదినే, డబ్బులిచ్చే కొంది" అని రాసేయండి. మన ఊళ్లలో చుట్టరికాలు దాగవు, ఎవరో ఒకరు కామెంట్‌లో రాసేస్తారు. ఏమీ ఇవ్వనప్పుడు మాత్రం "ఆవిడకి మేం ఏమీ ఇవ్వలేదు, ఇది నూటికి నూరు శాతం నిజం రివ్యూ" అని రాయొద్దు. ఎవరూ అడగకముందే ఒట్టు వేస్తే లేని అనుమానం పుడుతుంది.

మెసేజ్‌లో కస్టమర్‌కి తెలిసే అవకాశం లేని మాటలు ఉంటే వాటి మీద క్యాప్షన్ నిలబెట్టకండి. "ప్యూర్ హ్యాండ్లూమ్ అక్కా, సూపర్" అని వచ్చిందనుకోండి. కట్టుకుంటే ఎలా ఉంది, ఉతికితే ఏమైంది అన్నవి ఆవిడ చెప్పగలదు. అది చేతిమగ్గం మీద నేసిందా, పవర్‌లూమా అన్నది చాలామంది కస్టమర్లు చూసి చెప్పలేరు, మీరు చెప్పింది నమ్మి తిరిగి మీకే చెబుతున్నారు. దాన్ని మళ్లీ మీరు ఋజువుగా చూపిస్తే చేనేత తెలిసిన వాళ్లెవరూ ఒప్పుకోరు. చేనేత అని చెప్పాలంటే మీ దగ్గరే ఋజువు ఉండాలి: చీర మీద హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉంటే దాని ఫొటో, లేకపోతే ఎవరి మగ్గం మీద నేశారో, ఆ నేతగాడు ఒప్పుకుంటే మగ్గం దగ్గర తీసిన వీడియో. నిజాం బోర్డర్ విషయంలో కూడా అంతే, అంచులో చిన్న చిన్న గోపురాల వరస దగ్గరగా కనిపించేలా ఒక ఫొటో పెడితే ఆ పేరు తెలియనివాళ్లకి కూడా ఆవిడ అమ్మకి అదే ఎందుకు అడిగిందో అర్థమవుతుంది.

ఫొటో మాట వచ్చింది కాబట్టి, ఇలాంటి పోస్ట్‌లో స్క్రీన్‌షాట్ మొదటి బొమ్మగా పెట్టకండి. మొదట ఆ చీరే, వీలైతే ఉతికాక ఆవిడ తీసిన ఫొటో, మడతలు పడి ఉన్నా సరే. రెండోది స్క్రీన్‌షాట్. మూడోది మీరు చీర పంపేముందు పేజీలో పెట్టిన అసలు ఫొటో. ఆవిడ "ఫొటోలో ఉన్నట్టే ఉంది" అంటోంది కదా, ఆ రెండు ఫొటోలు పక్కపక్కన ఉంటే చూసేవాళ్లే పోల్చుకుంటారు, కలర్ ఫొటోలో ఉన్నట్టే ఉందని మీరు క్యాప్షన్‌లో ఒక్క మాట కూడా రాయక్కర్లేదు. అందుకే పైన నేను రాసిన దాంట్లో ఆ సంగతి లేదు. ఫిల్టర్ మాత్రం ఏ ఫొటోకీ వేయొద్దు, ఈ పోస్ట్ అంతా రంగు గురించే.

ఇక వట్టి "సూపర్ అక్కా", "చాలా బాగుంది" మెసేజ్‌లు. అవి మీకు ఎక్కువే వస్తుంటాయి. వాటికి క్యాప్షన్ రాయడానికి కష్టపడొద్దు, రాసినా గాలిలో మేడ కట్టినట్టే ఉంటుంది. స్టోరీలో పెట్టండి, ఒక రోజుకి అదే పోతుంది. పోస్ట్‌కి తీసుకోవాల్సినవి ఏదో ఒక పని జరిగినవి: ఉతికారు, ఎక్కువసేపు కట్టుకున్నారు, బస్సు ప్రయాణం చేశారు, గంజి పెట్టారు, అమ్మకి నచ్చలేదు కానీ తనకి నచ్చింది, మార్చుకున్నారు. మార్చుకున్నవాళ్ల మెసేజ్‌లు చాలామంది దాచేస్తారు కానీ నా లెక్కలో అవే ముందు పెట్టాలి. "అంచు దగ్గర దారం తెగి వచ్చింది, ఫొటో పంపితే వేరే చీర పంపారు" అన్న ఒక్క మెసేజ్, ఆన్‌లైన్‌లో చీర కొనడానికి జంకే మనిషికి అన్ని పొగడ్తలకన్నా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఆవిడ భయం చీర బాగుంటుందా అన్నది కాదు, బాగోకపోతే ఏమవుతుందన్నది. అలాంటి పోస్ట్‌కి క్యాప్షన్‌లో ఏ రోజు చెప్పారు, ఏ రోజు వేరే చీర వెళ్లింది, తిరిగి పంపే కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఈ మూడూ రాస్తే చాలు.

మీకు "మీరే రాసుకుంటారు కదా" అని కామెంట్ పెట్టినావిడ కామెంట్ తీసేయకండి, తీసేసి ఉంటే అదో అనుమానం. "అలా అనిపించడం సహజమేనండి. ఈసారి పెట్టే మెసేజ్‌లో మీకేమైనా డౌట్ ఉంటే అడగండి, కస్టమర్ని అడిగి చెబుతాను" అని రాసి వదిలేయండి. వాదన పెంచొద్దు. నిజంగా ఏదైనా అడిగితే మాత్రం జవాబివ్వండి.

ఒకవేళ మెరూన్ చీరావిడ "వద్దు అక్కా, పెట్టొద్దు" అంటే బతిమాలకండి, పేరు కప్పేశాను కదా అని వాదించనూ వద్దు. ఆవిడ చెప్పిన సంగతి మాత్రం మీకు పనికొస్తుంది. స్క్రీన్‌షాట్ లేకుండా, ఆవిడ మాటలు వాడకుండా, ఒక బకెట్‌లో మీ దగ్గరున్న మెరూన్ చీరని మీరే ఉతికి, మొదటి నీళ్లు, రెండో నీళ్లు ఫొటో తీసి పెట్టండి. కింద ఇంతే రాయండి: "ఈ మెరూన్ రంగు వదులుతుందా అని అడుగుతున్నారు. మొదటి ఉతుకు నీళ్లు ఇవి, రెండోవి ఇవి. ఉతికిన ఈ చీర అమ్మను, నేనే కట్టుకుంటాను. మిగిలినవి 3."